రవాణా 23 శాతమా, 12 శాతమా: సిమెంట్ కంపెనీలను కామన్-సైజ్‌లో పోల్చేటప్పుడు

ప్రశ్న: "రెండు లిస్టెడ్ సిమెంట్ కంపెనీల ఐదేళ్ల (2020-21 నుంచి 2024-25) అన్యువల్ రిపోర్టులు ఎక్సెల్‌లోకి ఎక్కించాను. ఖర్చులన్నీ అమ్మకాల్లో శాతంగా వేశాను. మొదటి ఏడాదిని 100 అనుకుని ట్రెండ్ కూడా వేశాను. పెద్ద కంపెనీకి రవాణా 23%, చిన్నదానికి 12%. కానీ చిన్నదానిలో కరెంటు, ఇంధనం శాతం ఎక్కువగా ఉంది, పైగా పెరుగుతూ పోతోంది. ఈ అంకెల్ని బట్టి ఏది బాగా నడుస్తోందో చెప్పవచ్చా? బేస్ ఇయర్ మార్చాలా?"

జవాబు:

చెప్పవచ్చు. అయితే ఇప్పుడు మీ దగ్గరున్న రూపంలో చెప్పలేం. రవాణాలో ఆ తేడా చాలావరకు అమ్మే పద్ధతిలోని తేడా అయి ఉంటుంది, సమర్థతలోది కాకపోవచ్చు. ఇంధనం శాతం ఎక్కువగా కనిపించడానికి కూడా అదే కారణం కావచ్చు. అది ఏటా పెరగడం వేరే సంగతి. అందులో ఇంధనం ధర వల్ల ఎంత, సిమెంట్ ధర పడిపోవడం వల్ల ఎంత అన్నది విడదీయాలి. బేస్ ఇయర్ మాత్రం తప్పకుండా మార్చండి. 2020-21 వద్దు, 2019-20 పెట్టండి. ఎందుకో కింద చెబుతాను.

నేను బ్యాంకులో క్రెడిట్ అప్రైజల్ విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. సిమెంట్ కంపెనీల ఫైళ్లు నల్గొండ వైపు నుంచీ, కర్నూలు, కడపల వైపు నుంచీ వస్తుంటాయి. ఖర్చులన్నీ అమ్మకాల్లో శాతంగా రాసిన షీటును కామన్-సైజ్ అంటాం. అది ముందు పెట్టుకున్న ప్రతిసారీ మేం మొదట అడిగేది ఒక్కటే: శాతం మారిందంటే, పైనున్న అంకె కదిలిందా, కిందున్న అంకె కదిలిందా? సిమెంట్‌లో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. బస్తా ధర ప్రాంతాన్ని బట్టి, సీజన్‌ను బట్టి ఊగుతూ ఉంటుంది. ధర పడిన ఏడాది అన్ని ఖర్చుల శాతాలూ ఒకేసారి పెరిగినట్టు కనిపిస్తాయి, ఒక్క రూపాయి కూడా అదనంగా ఖర్చు పెట్టకపోయినా సరే.

అంకెలతో చూద్దాం. కింది కంపెనీ నేను ఊహించుకున్నది. లెక్క సులువుగా ఉండాలని గుండ్రని అంకెలు తీసుకున్నాను.

మొదటి ఏడాది 20 లక్షల టన్నులు అమ్మింది. టన్నుకు సగటున ₹5,000 వచ్చింది, అంటే అమ్మకాలు ₹1,000 కోట్లు. రెండో ఏడాది 22 లక్షల టన్నులు అమ్మింది కానీ ధర ₹4,600కి పడింది, అమ్మకాలు ₹1,012 కోట్లు. మూడో ఏడాది 23 లక్షల టన్నులు, ధర ₹5,200, అమ్మకాలు ₹1,196 కోట్లు. వడ్డీ, తరుగుదల, పన్ను తీయకముందు ఉండే లాభమే ఎబిటా. అమ్మకాల్లో శాతంగా వేస్తే ఇలా వస్తుంది:

| | 1వ ఏడాది | 2వ ఏడాది | 3వ ఏడాది |
|---|---|---|---|
| ముడిసరుకు | 16.0 | 17.4 | 16.1 |
| కరెంటు, ఇంధనం | 24.0 | 26.1 | 30.8 |
| రవాణా | 22.0 | 23.9 | 22.2 |
| జీతాలు | 6.0 | 6.2 | 5.7 |
| ఇతర ఖర్చులు | 14.0 | 14.8 | 13.4 |
| ఎబిటా | 18.0 | 11.6 | 11.9 |

ఈ పట్టిక ఒక్కటే చూస్తే ఎవరైనా ఏమంటారు? "ఇంధనం ఖర్చు 24 నుంచి 26కి, అక్కడి నుంచి 31కి పెరిగింది, వరసగా రెండేళ్లు ఇంధనమే దెబ్బ కొట్టింది" అంటారు. మీ చిన్న కంపెనీ గురించి మీరు అనుకుంటున్నదీ దాదాపు ఇదే.

ఇప్పుడు పక్కన ట్రెండ్ పెట్టండి. మొదటి ఏడాది ఇంధనం ₹240 కోట్లు, రెండో ఏడాది ₹264 కోట్లు. ఇండెక్స్ 110. అమ్మిన టన్నుల ఇండెక్స్ కూడా 110. అంటే టన్నుకు అయిన ఇంధనం ఖర్చు రెండేళ్లలోనూ అదే ₹1,200. ఏమీ పెరగలేదు. పెరగాల్సిన చోట పెరగనిది అమ్మకాల అంకె. టన్నులు 10 శాతం ఎక్కువ అమ్మినా దాని ఇండెక్స్ 101 దగ్గరే ఆగిపోయింది. రెండో ఏడాది దెబ్బ పూర్తిగా ధరది. ఇంకో గుర్తు పట్టికలోనే ఉంది: ఆ ఏడాది ప్రతి ఖర్చు వరసా పైకే పోయింది. అన్ని వరసలూ ఒకే దిక్కుకు కదిలితే ముందు అమ్మకాల ధరను అనుమానించాలి.

మూడో ఏడాది కథ వేరు. ఇంధనం ₹368 కోట్లు, ఇండెక్స్ 153. టన్నుల ఇండెక్స్ 115. 153ని 115తో భాగిస్తే 1.33, అంటే టన్నుకు ₹1,200 ఉన్నది ₹1,600 అయింది. ఇది నిజమైన ఇంధనం దెబ్బ. ముడిసరుకు, రవాణా, జీతాలు, ఇతర ఖర్చుల శాతాలు తగ్గి, ఇంధనం ఒక్కటే పెరిగింది. ఎబిటా శాతం రెండేళ్లలోనూ 12కి అటూ ఇటూగా ఉంది కాబట్టి రెండేళ్లూ ఒకేలా గడిచాయనుకుంటే పూర్తిగా పొరబడతాం. ఒకసారి మార్కెట్ కొట్టింది, మరోసారి బొగ్గు కొట్టింది. అప్పు ఇచ్చేవాళ్లకైనా, షేరు కొనేవాళ్లకైనా ఈ రెండింటికీ తేడా ఉంది. మొదటిది ఆ ప్రాంతంలో అమ్మే అందరికీ తగులుతుంది. రెండోది ఎవరు ఏ ఇంధనం వాడుతున్నారు, ఎప్పుడు కొన్నారు అనేదాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కోలా తగులుతుంది.

కాబట్టి మీ షీటులో కామన్-సైజ్, ట్రెండ్ వేర్వేరు పేజీల్లో ఉంటే ఒకే పేజీలోకి తెచ్చుకోండి. వాటి మధ్య అమ్మిన టన్నుల వరస ఒకటి చేర్చండి. సిమెంట్ కంపెనీలు ఈ అంకెను ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్‌లో గానీ, అన్యువల్ రిపోర్టులోని మేనేజ్‌మెంట్ చర్చ భాగంలో గానీ దాదాపు ఎప్పుడూ ఇస్తాయి. అది లేకుండా ట్రెండ్ ఇండెక్స్ సగం మాటే చెబుతుంది.

ఫార్ములాలో డాలర్ గుర్తు ఎక్కడ పెట్టాలో కొత్తవాళ్లు తడబడుతుంటారు కాబట్టి అదీ రాస్తున్నాను. 5వ వరసలో అమ్మకాలు, C కాలమ్‌లో బేస్ ఇయర్, 8వ వరసలో ఇంధనం ఉన్నాయనుకుంటే, మొదటిది కామన్-సైజ్‌కి, రెండోది ట్రెండ్‌కి:

```
=C8/C$5*100
=D8/$C8*100
```

ట్రెండ్ చదివేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. ఇండెక్స్ 120 నుంచి 132 అయితే ఆ ఏడాది పెరుగుదల 12 శాతం కాదు, 10 శాతం. అలాగే లాభం వరసకు బేస్ ఇయర్‌లో నష్టమో, నామమాత్రపు లాభమో ఉంటే ఇండెక్స్ వేయకండి. ₹2 కోట్ల లాభం ₹30 కోట్లయితే ఇండెక్స్ 1,500 అని వస్తుంది, దాన్నుంచి తెలిసేదేమీ లేదు. అలాంటి చోట టన్నుకు రూపాయల్లో చూడటమే మేలు.

ఇక రెండు కంపెనీల పోలిక. మీ ప్రశ్నలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

సిమెంట్ రెండు రకాలుగా అమ్ముతారు. ఒకటి ఎఫ్‌ఓఆర్: డీలరు గోడౌను దాకానో, సైటు దాకానో కంపెనీయే చేరుస్తుంది, ధరలో ఆ కిరాయి కలిసి ఉంటుంది. రెండోది ఎక్స్-వర్క్స్: కొనేవాళ్లే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి లారీ పంపి ఎత్తుకుపోతారు, కిరాయి వాళ్లదే. ఎఫ్‌ఓఆర్‌లో ఆ కిరాయి కంపెనీ అమ్మకాల్లోనూ ఉంటుంది, ఖర్చుల్లోనూ ఉంటుంది. ఎక్స్-వర్క్స్‌లో రెండు చోట్లా ఉండదు.

పై ఉదాహరణలోని మొదటి ఏడాదినే తీసుకుందాం. టన్నుకు ₹5,000 వచ్చింది, అందులో రవాణా ₹1,100, ఎబిటా ₹900. సరుకంతా ఎఫ్‌ఓఆర్ మీద అమ్మింది. ఇప్పుడు అచ్చంగా ఇలాంటి ఫ్యాక్టరీయే ఇంకొకటి ఉందనుకోండి. అదే సున్నపురాయి, అదే బట్టీ, అవే ఖర్చులు, అదే మార్కెట్. సగం సరుకు మాత్రం గేటు దగ్గర అమ్ముతుంది. దానికి సగటున టన్నుకు వచ్చేది ₹4,450, రవాణా ₹550, ఎబిటా అదే ₹900.

దీని కామన్-సైజ్ వేయండి. రవాణా 12.4 శాతం, కరెంటు ఇంధనం 27 శాతం, ఎబిటా 20.2 శాతం. మొదటిదానికి ఇవే 22, 24, 18 శాతాలు. రెండో ఫ్యాక్టరీ రవాణాలో చాలా సమర్థంగా, ఇంధనంలో కాస్త దండగగా, మొత్తం మీద లాభసాటిగా కనిపిస్తోంది. ఈ మూడూ నిజం కావు. రెండూ కవలలు. మీరు చెప్పిన 23, 12 అంకెలు చూడగానే నాకు ఇదే తట్టింది. రవాణా శాతం తక్కువగా ఉన్నచోటే ఇంధనం శాతం ఎక్కువగా ఉందని మీరే రాశారు.

దీనికి మందు సులువే. రెండు కంపెనీల అమ్మకాల్లోంచీ బయటికి పంపిన సరుకు రవాణా ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని 100 అనుకుని కామన్-సైజ్ మళ్లీ వేయండి. మన కవలలకు ఇద్దరికీ ₹3,900 మిగులుతుంది. ఇంధనం ఇద్దరికీ 30.8 శాతం, ఎబిటా ఇద్దరికీ 23.1 శాతం. తేడా మాయమైపోతుంది. మీ రెండు కంపెనీలకూ ఇలా వేసిన తర్వాత కూడా తేడా మిగిలితే, అప్పుడు దాని మీద సమయం పెట్టండి.

"మరి మార్కెట్‌కు దగ్గరగా ఉండటం వల్ల నిజంగానే రవాణా తక్కువయ్యే ఫ్యాక్టరీకి అన్యాయం జరగదా?" అని మీకు అనిపించవచ్చు. జరగదు. నల్గొండ జిల్లాలోని ప్లాంటు హైదరాబాద్‌కు పంపడానికీ, కడప నుంచి బెంగళూరుకో చెన్నైకో పంపడానికీ కిరాయిలో తేడా ఉంటుంది. మార్కెట్‌లో ధర ఒకటే అయినప్పుడు, దగ్గరున్న ఫ్యాక్టరీకి రవాణా పోగా మిగిలేది ఎక్కువ. ఆ మేలు గేటు ధరలో, ఎబిటాలో కనిపిస్తూనే ఉంటుంది. కొన్ని కంపెనీలు సగటున ఎన్ని కిలోమీటర్లు పంపుతున్నాయో కూడా ప్రెజెంటేషన్‌లో ఇస్తాయి. అది దొరికితే టన్నుకు రవాణా ఎందుకు తక్కువో ఇంకా స్పష్టంగా తేలుతుంది.

రవాణా అంకె కొన్ని కంపెనీల లాభనష్టాల పట్టికలో విడిగా ఉంటుంది, కొన్నింట్లో "ఇతర ఖర్చులు" అనే ఒకే వరసలో కలిసిపోయి ఉంటుంది. కంగారు పడొద్దు. కంపెనీల చట్టం షెడ్యూల్ III ప్రకారం, కార్యకలాపాల ఆదాయంలో 1 శాతం లేదా ₹10 లక్షలు, ఏది ఎక్కువైతే దాన్ని మించిన ఖర్చును నోట్స్‌లో విడిగా చూపాలి. సిమెంట్ కంపెనీలో రవాణా ఎప్పుడూ అంతకు చాలా పైనే ఉంటుంది కాబట్టి నోట్‌లో తప్పక దొరుకుతుంది. మెయిన్ పేజీలోని "ఇతర ఖర్చులు" వరసను మాత్రం రెండు కంపెనీల మధ్య నేరుగా ఎప్పుడూ పోల్చకండి. ఒకరి వరసలో రవాణా, ఇంధనం రెండూ ఉండొచ్చు, ఇంకొకరి వరసలో రెండూ లేకపోవచ్చు.

ఇంధనం వరసకూ ఇలాంటి సంగతే ఒకటుంది. ఒక కంపెనీ కరెంటును డిస్కం నుంచి కొంటుంది, బిల్లంతా కరెంటు, ఇంధనం వరసలో పడుతుంది. ఇంకో కంపెనీకి సొంత పవర్ ప్లాంటో, బట్టీ వేడి నుంచి కరెంటు తీసే ప్లాంటో ఉంటుంది. దాని ఖర్చులో కొంత ఇంధనంలో ఉంటే, మిగిలినది తరుగుదలలో, వడ్డీలో ఉంటుంది. అందుకే ఎబిటా దగ్గర ఆగి రెండో కంపెనీ గొప్పదని తీర్పు ఇవ్వకూడదు. తరుగుదల, వడ్డీ కూడా తీసేశాక, పన్నుకు ముందు లాభం శాతం ఎంతో చూడండి. సొంత ప్లాంటు నిజంగా లాభసాటి అయితే అక్కడ కూడా తేడా మిగిలి ఉంటుంది.

వరసలను విడివిడిగా కాకుండా జతలుగా చదవడం ఎందుకు అవసరమో ఒక ఫైలు గురించి చెబితే తెలుస్తుంది. ఒక మధ్యతరహా కంపెనీ అప్పు లిమిట్ రెన్యువల్‌కు వచ్చింది. కరెంటు, ఇంధనం శాతం ఏడాదిలో సుమారు 25 నుంచి 17కి దిగింది. కంపెనీ ఇచ్చిన నోట్‌లో ఇంధనం పొదుపు చర్యల గురించి ఒక పేరా ఉంది. అయితే అదే ఏడాది ముడిసరుకు 17 నుంచి 29కి ఎక్కింది. ఇంధనం అంత దిగి, ముడిసరుకు అంతకు మించి ఎక్కిందంటే సిమెంట్ తెలిసినవాళ్లకు వెంటనే తట్టేది క్లింకర్. సున్నపురాయిని బట్టీలో కాల్చితే వచ్చే గడ్డలే క్లింకర్, వాటిని పొడి చేస్తే సిమెంట్. బొగ్గులో ఎక్కువ భాగం క్లింకర్ కాల్చడానికే పోతుంది. తన బట్టీలో కాల్చకుండా బయట కొన్నారంటే ఆ ఖర్చు ఇంధనంలోంచి ముడిసరుకులోకి మారుతుంది. వాడిన ముడిసరుకు నోట్ తీసి చూస్తే కొన్న క్లింకర్ విలువ అక్కడే ఉంది, కిందటి ఏడాది ఆ వరసే లేదు. ఉత్పత్తి అంకెలు అడిగితే బట్టీ నెలల తరబడి ఆగిందని తేలింది. పొదుపు చర్యలు అబద్ధమని కాదు, కానీ ఆ 8 శాతం వాటి వల్ల వచ్చింది కాదు. రెండు వరసలూ కలిపి చూస్తే 42 నుంచి 46కి పెరిగాయి.

మీ చిన్న కంపెనీకి గ్రైండింగ్ యూనిట్లు ఉన్నాయేమో కూడా అందుకే చూడండి. క్లింకర్ కొని పొడి చేసే యూనిట్‌లో ముడిసరుకు శాతం సహజంగానే ఎక్కువ, ఇంధనం తక్కువ. దాన్ని గని నుంచి బస్తా దాకా అన్నీ సొంతంగా చేసే కంపెనీ పక్కన పెట్టి వరస వరసనా పోల్చడం కుదరదు. ముడిసరుకు, ఇంధనం కలిపి ఒకే వరసగా పోల్చవచ్చు.

ఇక హారం గురించి. అందరూ "అమ్మకాలు" అంటారు గానీ పట్టికలో మూడు అంకెలు ఉంటాయి. మొత్తం ఆదాయం వాడకండి. అందులో డిపాజిట్ల మీద వడ్డీ, పెట్టుబడుల లాభం కలిసి ఉంటాయి. కార్యకలాపాల ఆదాయం వాడొచ్చు, కానీ దాని నోట్ తెరిచి "ఇతర నిర్వహణ ఆదాయం" ఎంతో చూడండి. కొత్త ప్లాంటు పెట్టినందుకు రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే ప్రోత్సాహకాలు, స్టేట్ జీఎస్టీ తిరిగి చెల్లింపు లాంటివి చాలా సిమెంట్ కంపెనీల్లో ఇక్కడే పడతాయి. వాటికి ఎదురుగా ఖర్చు ఏమీ ఉండదు, నేరుగా లాభంలోకి పోతాయి, పైగా కొన్నేళ్లకు గడువు ముగుస్తుంది. ఒక కంపెనీకి అవి ఉండి ఇంకో కంపెనీకి లేకపోతే, సిమెంట్ అమ్మిన ఆదాయం ఒక్కటే హారంగా పెట్టి, ప్రోత్సాహకాన్ని విడి వరసగా చూపించండి.

పన్నుల సంగతి చాలామందిని తికమక పెడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బస్తా ధర తగ్గింది కాబట్టి కంపెనీ అమ్మకాలూ అంతే తగ్గాయనుకుంటారు. జీఎస్టీ అసలు అమ్మకాల అంకెలో ఉండదు, కాబట్టి లాభనష్టాల కామన్-సైజ్ మీద దాని ప్రభావం నేరుగా ఉండదు. పాత ఎక్సైజ్ సుంకం అలా కాదు. ఇండ్ ఏఎస్ అనే భారతీయ అకౌంటింగ్ ప్రమాణాల లెక్కల్లో 2017 జూన్ ఆఖరు దాకా అది అమ్మకాల్లో కలిసి, మళ్లీ ఖర్చుగా విడిగా కనిపించేది. 2017-18లో మొదటి మూడు నెలలు ఎక్సైజ్‌తో, తొమ్మిది నెలలు లేకుండా ఉంటాయి. మీ ఐదేళ్లకు ఈ గొడవ లేదు. రేపు పదేళ్లకు వెనక్కి వెళితే మాత్రం ఆ సుంకం తీసేసి మొదలుపెట్టండి, లేకపోతే ఏమీ జరగకుండానే 2018-19లో శాతాలన్నీ పెరిగినట్టు వస్తాయి.

ఇప్పుడు బేస్ ఇయర్. 2020-21 ఎందుకు వద్దన్నానంటే, ఆ ఏడాది రెండు వైపులా వంకరగా ఉంది. లాక్‌డౌన్ వల్ల ఏప్రిల్, మే నెలల్లో అమ్మకాలు బాగా పడిపోయాయి, కాబట్టి టన్నుల బేస్ తక్కువ. తర్వాతి ఏళ్లలో మామూలు అమ్మకాలు కూడా గొప్ప ఎదుగుదలగా కనిపిస్తాయి. మరోవైపు బొగ్గు, చమురు శుద్ధిలో మిగిలే పెట్‌కోక్ అప్పుడు చవక. 2021 రెండో సగంలో వాటి ధరలు ఎగిశాయి, 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో ఇంకా పైకి పోయాయి. కంపెనీలు నెలల తరబడికి ఇంధనం నిల్వ ఉంచుకుంటాయి కాబట్టి ఆ భారం లెక్కల్లోకి కాస్త ఆలస్యంగా దిగింది. చాలా కంపెనీల్లో 2022-23లో అది బాగా కనిపిస్తుంది. చవక ఏడాదిని 100 అనుకుంటే ఆ తర్వాతి ప్రతి ఏడాదీ ఇంధనం అదుపు తప్పినట్టే ఉంటుంది. మీ కంపెనీలో పెరుగుదలకు ఇదే కారణం కావచ్చు. పెద్ద కంపెనీ ఇండెక్స్ కూడా అదే వాలులో పోతోందా అన్నది చూడండి. రెండూ కలిసి ఎక్కి కలిసి దిగితే అది బొగ్గు మార్కెట్. చిన్నది ఒక్కటే ఎక్కి దిగకపోతే అది ఆ కంపెనీ సమస్య.

2019-20కి రెండు మేళ్లు ఉన్నాయి. లాక్‌డౌన్ మార్చి 25న మొదలైంది కాబట్టి ఆ ఏడాదికి తగిలింది ఆఖరి వారం మాత్రమే. అలాగే లీజులకు సంబంధించిన ఇండ్ ఏఎస్ 116 అమల్లోకి వచ్చింది 2019 ఏప్రిల్ 1 నుంచే. దాని కింద గోడౌన్లు, వ్యాగన్లు లాంటివాటి అద్దెలో చాలా భాగం ఇతర ఖర్చుల్లోంచి తరుగుదల, వడ్డీల్లోకి మారింది. అంతకు ముందు ఏడాదిని బేస్‌గా పెడితే ఎబిటా ఉత్తినే పెరిగినట్టు వస్తుంది. ఒక్క లోపం ఏమిటంటే, 2019 సెప్టెంబర్‌లో కార్పొరేట్ పన్ను రేటు తగ్గడంతో కొన్ని కంపెనీలు ముందు ఏళ్ల కోసం లెక్కల్లో రాసుకున్న పన్ను, అంటే డిఫర్డ్ ట్యాక్స్, తారుమారైంది. అందువల్ల ట్రెండ్‌ను పన్నుకు ముందు లాభం దగ్గరే ఆపండి, నికర లాభానికి వేయొద్దు.

అంకెలు తీసుకునేటప్పుడు ఇంకో పద్ధతి పాటించండి. 2021-22 అంకెలను ఆ ఏడాది రిపోర్టు నుంచి కాకుండా, 2022-23 రిపోర్టులోని "గత సంవత్సరం" కాలమ్ నుంచి తీసుకోండి. కంపెనీలు ఖర్చులను ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి మార్చినప్పుడు పాత ఏడాదినీ కొత్త పద్ధతిలోకి సర్ది చూపిస్తాయి. రెండు అంకెలకూ తేడా ఉంటే, ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పే నోట్ వెనక ఎక్కడో ఉంటుంది, వెతకండి.

మధ్యలో ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొని ఉంటే ట్రెండ్ అక్కడ తెగిపోతుంది. 2023లో సాగర్ సిమెంట్స్ దివాలా ప్రక్రియలో ఉన్న ఆంధ్రా సిమెంట్స్‌ను తీసుకుంది. 2024లో అంబుజా పెన్నా సిమెంట్‌ను కొంది. ఇలాంటి చోట అనుబంధ కంపెనీలనూ కలిపి చూపే కన్సాలిడేటెడ్ లెక్కల్లో కొన్న తేదీ నుంచి అమ్మకాలు కలుస్తాయి గానీ, మార్చి 31న ఆస్తులు మాత్రం పూర్తిగా కలిసి ఉంటాయి. ఆ ఏడాది ఆస్తులతో అమ్మకాలను భాగిస్తే కంపెనీ చతికిలపడినట్టు వస్తుంది. కొన్న ఏడాదిని పక్కన పెట్టి, ఆ తర్వాతి పూర్తి ఏడాది నుంచి కొత్త బేస్ మొదలుపెట్టడం నా అలవాటు.

బ్యాలెన్స్ షీట్ గురించి మీరు అడగలేదు, కానీ అందులో ఒక్క వరస గురించి చెప్పకుండా ఉండలేను: డీలర్ల నుంచి రావాల్సిన బాకీలు. మన ఊహా కంపెనీకి మొదటి ఏడాది మొత్తం ఆస్తులు ₹1,200 కోట్లు, బాకీలు ₹96 కోట్లు, అంటే 8 శాతం. రెండో ఏడాది కొత్త లైను పెట్టడంతో ఆస్తులు ₹1,800 కోట్లయ్యాయి, బాకీలు ₹126 కోట్లు, అంటే 7 శాతం. కామన్-సైజ్ ప్రకారం బాకీల భారం తగ్గింది. ట్రెండ్ ప్రకారం బాకీల ఇండెక్స్ 131, అమ్మకాల ఇండెక్స్ 101. ధర పడిన ఏడాదిలో సరుకు కదిలించడానికి అప్పు మీద ఇచ్చారన్నమాట. రోజుల్లో వేస్తే 35 నుంచి 45 అయింది. మొత్తం ఆస్తులు హారంగా ఉన్నప్పుడు, పక్కన కట్టిన కొత్త బట్టీ ఈ బాకీని కప్పేస్తుంది. అందుకే బాకీలనూ సరుకు నిల్వలనూ నేను అమ్మకాలతోనే పోల్చుతాను. 2021-22 నుంచి రిపోర్టుల్లో బాకీలు ఎన్నాళ్లవో కూడా ఇవ్వాలి: ఆరు నెలల లోపు, ఆరు నెలల నుంచి ఏడాది, ఆపైన మూడేళ్లు దాటినవాటి దాకా. పాత బాకీల గళ్లు నిండుతున్నాయంటే రోజుల లెక్క కన్నా అదే గట్టి హెచ్చరిక.

ఇక్కడ జీఎస్టీ మళ్లీ తలెత్తుతుంది. అమ్మకాల్లో జీఎస్టీ ఉండదు గానీ డీలరు ఇవ్వాల్సిన బాకీలో ఉంటుంది. ₹100 సరుకుకు ఇదివరకు ₹128 బాకీ, ఇప్పుడు ₹118. కాబట్టి 2026 మార్చి బ్యాలెన్స్ షీట్లలో సిమెంట్ కంపెనీల బాకీ రోజులు, వసూళ్లలో ఏ మార్పూ లేకపోయినా, సుమారు 8 శాతం తగ్గి కనిపించాలి. 45 రోజులున్న చోట 41, 42 వస్తే అది వసూళ్లు మెరుగుపడటం కాదు.

ఆస్తుల వైపు రెండు కంపెనీల పోలిక అంత నమ్మదగింది కాదు. ఇండ్ ఏఎస్‌కు మారినప్పుడు కొన్ని కంపెనీలు భూమినీ ప్లాంటునూ అప్పటి మార్కెట్ విలువకు రాసుకున్నాయి, కొన్ని పాత విలువనే ఉంచాయి. స్థిరాస్తులు ఒకరికి 70 శాతం, ఇంకొకరికి 55 శాతం అని కనిపిస్తే, ముందు అకౌంటింగ్ పాలసీ నోట్ చదవండి.

మీ షీటుకు ఇప్పుడు చేయాల్సింది ఇంతే. 2019-20 కాలమ్ చేర్చి దాన్ని బేస్ చేయండి, అందుకు 2020-21 రిపోర్టులోని గత సంవత్సరం కాలమ్ సరిపోతుంది. టన్నుల వరస వేయండి. బయటి రవాణాను రెండు కంపెనీల అమ్మకాల్లోంచీ తీసి కామన్-సైజ్ మళ్లీ లెక్కపెట్టండి. ఆ తర్వాత కూడా చిన్న కంపెనీ ఇంధనం శాతం పెద్దదానికన్నా 3, 4 పాయింట్లు ఎక్కువగా ఉంటే, టన్నుకు రూపాయల్లో రెండూ ఎంతెంతో పక్కపక్కన పెట్టండి. రూపాయల్లో సమానంగా ఉండి శాతంలోనే తేడా ఉంటే, చిన్న కంపెనీ తన సిమెంట్‌ను తక్కువ ధరకు అమ్ముతోందన్నమాట. రూపాయల్లోనే తేడా ఉంటే బట్టీ, ఇంధనం కొనుగోలు, సొంత కరెంటు, ఈ మూడింట్లో ఎక్కడో ఉంది. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.